స్కూల్ ఫీజుల కాలమ్‌లో రెండు తర్కదోషాలు: సంపాదకుడికి లేఖ ఎలా రాయాలి?

ప్రశ్న: "మొన్న ఆదివారం ఒక పేపర్ ఎడిట్ పేజీలో ప్రైవేటు స్కూళ్ల ఫీజుల మీద కాలమ్ వచ్చింది. 'లక్షకు పైగా ఫీజు తీసుకునే స్కూళ్ల పిల్లలే మంచి ఫలితాలు తెస్తున్నారు. కాబట్టి ఫీజుకు కళ్లెం వేస్తే చదువు నాణ్యత పడిపోతుంది' అని ఒకచోట రాశారు. 'ఫీజుల నియంత్రణ వస్తే ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్కూళ్లు మూతపడాలి, లేదా సర్కారు బడి స్థాయికి దిగిపోవాలి' అని ఇంకోచోట. తర్కం తప్పని తెలుస్తూనే ఉంది. ఆరు తప్పులు పట్టి 700 మాటల లేఖ రాశాను. మా ఆవిడ చదివి 'మీకు కోపం వచ్చిందని తప్ప ఇంకేం అర్థం కాలేదు' అంది. డ్రాఫ్ట్ కింద పెట్టాను. ఎలా రాస్తే అచ్చులోకి వస్తుంది?"

---

మీరు పైన ఎత్తి రాసిన ఆ రెండు వాక్యాలు చాలండి. మిగతా నాలుగు పాయింట్లు తీసేయండి. కాలమిస్టు వాక్యాన్ని ఉన్నదున్నట్టు కోట్ చేసి, అందులో ఎక్కడ జారారో రెండు మూడు వాక్యాల్లో చూపించండి. రెండో దానికీ అంతే. ఆయన చెప్పిన దాంట్లో ఒప్పుకోదగ్గది ఒకటి ఉంది, దాన్ని ఒప్పుకోండి. మొత్తం 150 మాటలు దాటొద్దు. ఆఖరి పేరాలో ఆయన ఏ విద్యాసంస్థ వేదికల మీద కనిపిస్తారో రాశారు చూడండి, అది పూర్తిగా కొట్టేయండి.

నేను ఒక తెలుగు దినపత్రిక ఎడిట్ పేజీ డెస్క్‌లో పదకొండేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం లేఖల శీర్షిక నా మీదే ఉండేది. ఫీజుల సీజన్‌లో, అంటే ఏప్రిల్ నుంచి జూలై దాకా, రోజుకు యాభై అరవై లేఖలు వచ్చేవి. వేయడానికి జాగా ఐదింటికో ఆరింటికో ఉండేది. ఒక్కో లేఖ మీద మొదటి చూపుకు అర నిమిషం పెట్టేవాణ్నేమో. ఆ అర నిమిషంలో 'ఈయన దేనికి జవాబు రాస్తున్నాడు, ఏం అంటున్నాడు' అన్నది దొరక్కపోతే లేఖ పక్కకు వెళ్లిపోయేది. మీ డ్రాఫ్ట్‌లో అసలు విషయం నాలుగో పేరాలో మొదలైంది. మొదటి మూడు పేరాలూ విద్య వ్యాపారమైపోయిందన్న ఆవేదన. ఆవేదన నిజమే, కానీ అది ఆ రోజు వచ్చిన యాభై లేఖల్లోనూ ఉంటుంది.

ఆరింటిలో రెండే ఎందుకు? జాగా ఒక కారణం. అసలు కారణం వేరే. మీరు పట్టిన ఆరింటిలో తర్కదోషాలు రెండే ఉన్నాయి. మిగతావి వేరే రకం గొడవలు.

దీన్ని తేల్చడానికి నేను డెస్క్‌లో ఒక పద్ధతి వాడేవాణ్ని. కాలమిస్టు చెప్పిన సంగతులన్నీ నిజమే అనుకోండి. అలా అనుకున్నా ఆయన 'కాబట్టి' నిలబడకపోతే అది తర్కదోషం. సంగతి అబద్ధమైతేనే 'కాబట్టి' పడిపోతుందనుకుంటే అది తర్కదోషం కాదు, ఫ్యాక్టు తప్పు. ఫ్యాక్టు తప్పుకు కాగితం కావాలి. లెక్కో, జీవోనో, తీర్పో చూపించాలి. తర్కదోషానికి ఆయన వాక్యమే సాక్ష్యం.

ఇప్పుడు మీ జాబితా చూద్దాం. టీచర్ల జీతాలకు ఆయన చెప్పినంత ఖర్చు కావడం లేదన్నారు. అది ఫ్యాక్టు గొడవ, మీ దగ్గర ఏ స్కూలు బ్యాలెన్స్ షీటూ లేదు, తీసేయండి. 'ఫీజుల ఉద్యమం' అన్న మాట వెటకారంగా వాడారన్నారు. అది శైలి మీద అభ్యంతరం. ఆయన పాత కాలమ్‌లో దీనికి విరుద్ధంగా రాశారన్నారు. మనిషి అభిప్రాయం మార్చుకోవచ్చు. ఇవాళ చెప్పిన వాదన అందువల్ల తప్పైపోదు. ఇక ఆయనకు స్కూళ్ల యాజమాన్యాలతో పరిచయాలన్నది. దాని సంగతి తర్వాత చెప్తాను. మిగిలినవి ఆ రెండే. కాలమ్ మొత్తం ఆ రెంటి మీదే నిలబడి ఉంది కూడా.

మొదటిది: ఫీజు ఎక్కువ, ఫలితం ఎక్కువ, కాబట్టి ఫీజు వల్లే ఫలితం.

మీరు దీన్ని 'కాకతాళీయం' అన్నారు. ఆ మాట ఇక్కడ అతకదండి. కాకి వాలిన క్షణానే తాటిపండు రాలడంలో ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడ సంబంధం ఉంది. పెద్ద ఫీజు స్కూళ్ల ఫలితాలు బాగుంటాయన్నది చాలాచోట్ల కళ్లకు కనబడేదే. మీరు కాకతాళీయం అనగానే కాలమిస్టు 'ఏటా కాకతాళీయమేనా?' అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తారు. దోషం ఎక్కడుందంటే, ఆ సంబంధం ఏ దారిన వచ్చిందో చూడకుండా ఫీజు ఖాతాలో వేసేయడంలో. గొడుగులు ఎక్కువ కనబడిన రోజున వాన ఎక్కువ పడిందని, గొడుగుల వల్లే వాన పడిందంటే ఎలా ఉంటుందో అలాగ.

లక్ష ఫీజు స్కూల్లో సీటు ఎలా వస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. ఎంట్రెన్స్ అని పేరు పెట్టకపోయినా 'ఇంటరాక్షన్' ఉంటుంది. తల్లిదండ్రులు ఏం చదువుకున్నారో, ఏం చేస్తున్నారో అప్లికేషన్‌లోనే రాయించుకుంటారు. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మో నాన్నో హోంవర్క్ చూస్తారు, లేకపోతే ట్యూషన్ పెడతారు. తొమ్మిదిలో వెనకబడిన పిల్లాణ్ని 'వేరే స్కూలైతే మీకే మంచిది' అని మెల్లగా పంపించేసిన సందర్భాలు మీ బంధువుల్లోనే ఒకటైనా ఉంటుంది. ఇదంతా అయ్యాక పదో తరగతి పరీక్ష రాసేది ఎవరు? ఎలాగూ బాగా రాసే అవకాశం ఎక్కువున్న పిల్లలు. ఫలితంలో స్కూలు చేసింది ఎంత, ఏరుకున్నది ఎంత అన్నది వేరుచేయకుండా 'కాబట్టి' అనడమే దోషం.

లేఖలో ఇంత చెప్పడానికి చోటుండదు. ఒక్క ఉదాహరణ కావాలి. చాలామంది ఇక్కడ గురుకులాల పేరు ఎత్తుతారు. మీరూ ఎత్తారు: 'గురుకులాల్లో ఫీజే లేదు, ఫలితాలు చూడండి' అని. ఇక్కడ జాగ్రత్త. గురుకులాల్లో ఐదో తరగతి సీటుకు ఎంట్రెన్స్ ఉంటుంది. పైగా హాస్టల్, భోజనం, పుస్తకాలు అన్నీ ప్రభుత్వ ఖర్చే. అంటే తల్లిదండ్రులు కట్టే ఫీజు లేదు గానీ, పిల్లవాడి మీద డబ్బు ఖర్చవుతూనే ఉంది. మీరు 'ఫీజు లేకున్నా నాణ్యత' అని రుజువు చేయబోతే, ఆయన చేసిన తప్పే మీరూ చేసినట్టు: ఏరుకున్న పిల్లల ఫలితాలు చూపించి బడి గొప్పతనం అనడం.

అదే ఉదాహరణను తిప్పి వాడితే పనికొస్తుంది. నవోదయ విద్యాలయాలు తీసుకోండి. 1985-86లో మొదలయ్యాయి, ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుంటారు, చదువు దాదాపు ఉచితం. సీబీఎస్ఈ ఫలితాల్లో ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంటాయి. దీన్నిబట్టి మీరు 'ఉచిత బడి గొప్పది' అనకండి. 'ఫీజు లేకపోయినా పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరుకుంటే ఫలితాలు బాగుంటాయి. మరి పెద్ద ఫీజు స్కూళ్ల ఫలితాల్లో ఏరుకోవడం వాటా ఎంత?' అని అడగండి. రుజువు చేయాల్సిన బరువు ఆయన మీదికే వెళుతుంది. తెలుగు పాఠకుడికి నవోదయ ఎంట్రెన్స్ గురించి వివరించే పని కూడా లేదు.

దీనికన్నా గట్టి సాక్ష్యం ఒకటి మన దగ్గరే ఉంది. లేఖలో పట్టదు గానీ తెలుసుకోండి, ఆయన జవాబిస్తే పనికొస్తుంది. 2008లో మొదలుపెట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 ఊళ్లలో ఒక ప్రయోగం జరిగింది. సర్కారు బడి పిల్లల్లో ప్రైవేటు బడికి వెళ్లాలని దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు లాటరీ తీసి, తగిలినవాళ్లకు ఆ ఖర్చు ఇచ్చారు. లాటరీ కాబట్టి ఏరుకోవడం అన్న గొడవ ఉండదు. రెండువైపులా ఒకే రకం కుటుంబాల పిల్లలే ఉంటారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఆ ఫలితాలను 2015లో ప్రచురించారు. మామూలుగా పోలిస్తే ఆ ఊళ్లలో ప్రైవేటు బడి పిల్లల మార్కులు బాగా ఎక్కువ. లాటరీ తగిలినవాళ్లనూ తగలనివాళ్లనూ పోలిస్తే మాత్రం నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగులో, లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో ప్రైవేటువాళ్లు ముందున్నారు. పైకి కనబడ్డ ఆ పెద్ద తేడాలో ఎక్కువ భాగం పిల్లల ఇళ్ల నుంచి వచ్చిందే అన్నమాట.

అయితే ఈ సాక్ష్యానికి రెండువైపులా పదునుంది. ఆ ప్రైవేటు బళ్లు పల్లెటూళ్లలోని చిన్న బళ్లు, లక్ష ఫీజు స్కూళ్లు కావు. పైగా ఒక్కో పిల్లవాడి మీద వాటి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు లోపే. అంటే 'మూడో వంతు ఖర్చుతో అదే చదువు చెప్తున్నాం' అని ప్రైవేటు యాజమాన్యాలూ ఇదే అధ్యయనం చూపించగలవు. కాలమిస్టుకు ఈ సంగతి తెలిసుంటే మీరు ఎత్తిన కత్తే మీ మీదికి తిప్పుతారు. అందుకే లేఖలో నవోదయ చాలంటున్నాను.

రెండోది: నుయ్యి, గొయ్యి.

ఇది పట్టుకోవడం తేలిక. ఆయన వాక్యంలోని 'లేదా' అన్న మాటలోనే ఉంది అంతా. రెండు దారులే ఉన్నాయని చెప్పి, రెండూ చెడ్డవని చూపించి, కాబట్టి కదలకుండా ఉండమంటున్నారు. మూడో దారి ఒక్కటి చూపిస్తే వాదన కూలిపోతుంది. ఆ ఒక్కటీ ఊహించింది కాకూడదు, ఎక్కడో నడుస్తున్నది కావాలి. 'ప్రభుత్వం చిత్తశుద్ధితో పారదర్శక విధానం తేవచ్చు' అని మీరు రాశారు. అది దారి కాదండి, ఆశ.

నడిచిన దారులు ఉన్నాయి. తమిళనాడు 2009లో చట్టం చేసింది. హైకోర్టు రిటైర్డ్ జడ్జి అధ్యక్షుడుగా కమిటీ ఉంటుంది. రాష్ట్రమంతా ఒకే రేటు అనకుండా, ఒక్కో స్కూలు పెట్టిన లెక్కలు, వసతులు, అది ఉన్న చోటు చూసి ఆ స్కూలుకు ఫీజు ఖరారు చేస్తుంది. అభివృద్ధికి కొంత మిగులు కూడా లెక్కలో ఉంటుంది. రాజస్థాన్ 2016 చట్టం దారి ఇంకొకటి. స్కూలు స్థాయిలోనే ఫీజు కమిటీ, అందులో లాటరీ తీసి ఎంపిక చేసిన తల్లిదండ్రులు ఉంటారు. ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు 2021 మేలో సమర్థించింది. తెలంగాణలో 2017లో వేసిన తిరుపతిరావు కమిటీ ఏడాదికి పది శాతం దాకా పెంపు అన్న లెక్క చెప్పింది. ఇన్ని ఉన్నాయి కదా అని అన్నీ గుప్పించకండి. తమిళనాడు ఒక్కటి చాలు. మూడో దారి ఉందని చెప్పడానికి ఒక్క దారే కావాలి. నాలుగు చెబితే డెస్క్ మూడు కోసేస్తుంది, అదీ ఏవి కోయాలో వాళ్ల ఇష్టం.

ఒక హెచ్చరిక. తమిళనాడులో అంతా సజావుగా ఉందని రాయకండి. కమిటీ చెప్పిన ఫీజు ఒకటి, వసూలు చేసేది ఒకటి అన్న ఫిర్యాదులు అక్కడా ఉన్నాయి. మీరు చెప్పాల్సిందల్లా, అక్కడ చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ప్రైవేటు స్కూళ్లు నడుస్తూనే ఉన్నాయని. ఆయన 'మూతపడాలి లేదా దిగిపోవాలి' అన్నదానికి అంత చాలు.

ఇక్కడే ఆయనకు ఇవ్వాల్సింది ఇవ్వండి. ఆయన భయంలో నిజం ఉంది. నియంత్రణ అంటే అన్ని స్కూళ్లకూ కలిపి ఒక అంకె కట్టేయడమైతే కొన్ని నిజంగానే నడవలేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో పంచాయతీ, మునిసిపాలిటీ, కార్పొరేషన్ అని ప్రాంతాలవారీగా ఫీజులు ఖరారు చేస్తూ జీవో ఇస్తే, ఆ డిసెంబరులోనే హైకోర్టు కొట్టేసింది. ఆయన మనసులో ఆ రకం నియంత్రణే ఉండి ఉంటుంది. దాన్ని ఒక వాక్యంలో ఒప్పుకుంటే రెండు లాభాలు. మీరు చదివి రాశారని డెస్క్‌కు తెలుస్తుంది. 'నియంత్రణ' అన్న ఒక్క మాట కింద ఆయన ఒక రకాన్నే పెట్టి మిగతా రకాలను మాయం చేశారని పాఠకుడికి దానంతటదే కనబడుతుంది.

మీ డ్రాఫ్ట్‌లో ఈ రెండు దోషాలూ చెప్పాక 'కనుక ఫీజుల నియంత్రణ చట్టం తక్షణం తేవాలి' అని ముగించారు. ఆయన వాదన తప్పైతే ఆయన తీర్మానం తప్పని కాదు. చట్టం వద్దనడానికి ఇంకా మంచి కారణాలు ఉండొచ్చు, ఆయన చెప్పలేదంతే. ప్రైవేటు విద్యాసంస్థలు ఫీజు నిర్ణయించుకోవచ్చు, న్యాయమైన మిగులు ఉంచుకోవచ్చు, కానీ లాభార్జన, క్యాపిటేషన్ కుదరవని సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులో చెప్పింది. అందులో రెండు పక్షాలకూ పట్టు దొరుకుతుంది. అదంతా వేరే వ్యాసం. 150 మాటల లేఖ చేయగలిగింది 'ఈ రెండు కారణాలు చాలవు' అని చూపించడం వరకే. దాన్ని దాటి ఒక అడుగు వేసినా, మీరే 'కాబట్టి' దగ్గర జారారని ఎవరో ఒకరు రాస్తారు.

ఇక ఆయన పరిచయాల సంగతి. ఆ కాలమిస్టు ఫలానా యాజమాన్యంలో సభ్యుడైతే ఆ సంగతి కాలమ్ కింద రాయాల్సింది, రాయలేదేమని పత్రికను అడగడం న్యాయమే. అది వేరే లేఖ, దానికి కాగితం ఆధారం కావాలి. వేదిక మీద కనిపించడం ఆధారం కాదు. దాన్ని ఈ లేఖలో కలిపితే ఏమవుతుందో చెప్తాను. మొదట, ఆయన యాజమాన్యం మనిషైనా కాకపోయినా ఆ 'కాబట్టి' అంతే తప్పు, కాబట్టి మీ వాదనకు దానివల్ల బలం రాదు. రెండోది, పరువునష్టం అన్న భయంతో డెస్క్ ఆ పేరా ఒక్కటే కోయదు, తీరిక లేకపోతే లేఖ మొత్తం పక్కన పెట్టేస్తుంది. నేనే అలా పెట్టినవి చాలా ఉన్నాయి.

కోట్ గురించి నా సొంత పరాభవం ఒకటి చెప్తాను. డెస్క్ వదిలాక నేనూ ఒక పత్రికకు ఇలాంటి లేఖ రాశాను, ఇంగ్లిష్ మీడియం మీద. కాలమిస్టు 'చాలామంది తల్లిదండ్రులు ఇంగ్లిష్ మీడియమే కోరుతున్నారు' అని రాస్తే, నేను జ్ఞాపకం మీద ఆధారపడి 'తల్లిదండ్రులందరూ' అని కోట్ చేసి, దాని మీద ఉతికి ఆరేశాను. లేఖ అచ్చయింది. మూడో రోజు ఆయన జవాబు నాలుగు లైన్లే: 'నేను చాలామంది అన్నాను. లేఖకుడు అందరూ అని చదివారు. మిగతా లేఖకు నేను జవాబు ఇవ్వనవసరం లేదు.' పదకొండేళ్లు ఇతరుల కోట్లు సరిచూసినవాణ్ని, నాది సరిచూసుకోలేదు. ఆరోజు నుంచి పేపర్ పక్కన పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా చూసుకుంటూ ఎత్తి రాస్తాను. మీరు ప్రశ్నలో ఇచ్చిన వాక్యాలు కూడా ఒకసారి పేపర్‌తో పోల్చండి. 'లక్షకు పైగా' అన్నారా 'లక్షల్లో' అన్నారా అన్నది తేడానే.

మీ డ్రాఫ్ట్‌లోని మాటలే వీలైనన్ని ఉంచి ఇలా తిరగరాశాను:

> సంపాదకుడు గారికి,
>
> ఆదివారం ఎడిట్ పేజీలో వచ్చిన ఫీజుల కాలమ్‌లో 'లక్షకు పైగా ఫీజు తీసుకునే స్కూళ్ల పిల్లలే మంచి ఫలితాలు తెస్తున్నారు. కాబట్టి ఫీజుకు కళ్లెం వేస్తే చదువు నాణ్యత పడిపోతుంది' అన్నారు. మొదటి వాక్యం నిజమే అనుకున్నా రెండోది దాని నుంచి రాదు. ఫీజు దాదాపు లేని నవోదయల ఫలితాలూ బాగుంటాయి, ఎందుకంటే అక్కడ పిల్లల్ని పరీక్ష పెట్టి తీసుకుంటారు. పెద్ద ఫీజు స్కూళ్లూ చదువుకున్న కుటుంబాల పిల్లల్నే ఎక్కువగా తీసుకుంటాయి. ఫలితాల్లో ఫీజు వాటా ఎంతో, ఆ ఎంపిక వాటా ఎంతో కాలమ్ చెప్పలేదు.
>
> నియంత్రణ వస్తే 'స్కూళ్లు మూతపడాలి, లేదా సర్కారు బడి స్థాయికి దిగిపోవాలి' అన్నారు. అన్ని స్కూళ్లకూ ఒకే రేటు కడితే ఆ భయం సమంజసమే. కానీ తమిళనాడు 2009 చట్టంలో రిటైర్డ్ జడ్జి కమిటీ ఒక్కో స్కూలు లెక్కలు చూసి, మిగులుతో సహా ఫీజు ఖరారు చేస్తుంది. అక్కడ ప్రైవేటు స్కూళ్లు నడుస్తూనే ఉన్నాయి. నుయ్యికీ గొయ్యికీ మధ్య దారి ఉన్నప్పుడు, అది ఎందుకు పనికిరాదో కూడా కాలమ్‌లో చెప్పాల్సింది.
>
> ఇద్దరు పిల్లల తండ్రి, కరీంనగర్

లేఖలో 'తర్కదోషం', 'హేత్వాభాసం' అన్న మాటలు ఎక్కడా లేవని గమనించండి. కావాలనే వదిలేశాను. మా డెస్క్‌కు ఒక లెక్చరర్ గారు లేఖలు పంపేవారు. ప్రతి దోషానికీ సంస్కృతంలో ఒకటి, లాటిన్‌లో ఒకటి పేరు పెట్టేవారు. పాయింటు సరైనదే ఉండేది. మా ఇన్‌చార్జ్ చదివి 'బాగుంది, ఇది ఎవరికి?' అని నా టేబుల్ మీద పడేసేవారు. పేరు పెడితే పాఠకుడు పేరు దగ్గర ఆగిపోతాడు. 'మొదటి వాక్యం నిజమే అనుకున్నా రెండోది రాదు' అంటే ఆయనే వెనక్కి వెళ్లి రెండు వాక్యాలూ చూస్తాడు.

వరస కూడా ఊరికే పెట్టింది కాదు. డెస్క్‌లో జాగా చాలకపోతే లేఖను కింది నుంచి కోస్తారు. ఒకసారి నేనే తొందరలో ఒక లేఖకు ఆఖరి పేరా కోశాను. ఆ రచయిత మొదట కాలమిస్టును మెచ్చుకుని, అసలు అభ్యంతరం చివర పెట్టారు. అచ్చులో మెచ్చుకోలు మాత్రమే మిగిలింది. ఆయన ఫోన్ చేసి అడిగిన మాటలు ఇక్కడ రాయలేను. అందుకే పై లేఖలో మొదటి దోషం మొదటి పేరాలోనే పూర్తయిపోతుంది. రెండో పేరా మొత్తం పోయినా మొదటిది తన కాళ్ల మీద నిలబడుతుంది. ఒప్పుకోలు వాక్యం ఒక్కటే విడిగా మిగిలే అవకాశం లేకుండా మధ్యలో పెట్టాను.

పంపడం గురించి కొంచెం. ఇవాళే పంపండి. కాలమ్ వచ్చిన మూడు రోజులు దాటితే అది పాత విషయమే. మెయిల్ సబ్జెక్టులో కాలమ్ శీర్షిక, తేదీ రాయండి. లేఖను మెయిల్‌లోనే యూనికోడ్‌లో టైప్ చేయండి. పీడీఎఫ్, కాగితం ఫొటో పంపితే డెస్క్‌లో ఎవరో మళ్లీ టైప్ చేయాలి, రాత్రి తొమ్మిదికి ఆ ఓపిక ఎవరికీ ఉండదు. లేఖ కింద అసలు పేరు, ఊరు, ఫోన్ నంబరు తప్పకుండా ఇవ్వండి. నంబరు అచ్చు వేయరు, మీరు నిజంగా ఉన్నారో లేదో చూసుకోవడానికి అడుగుతారు. పేరు వద్దనుకుంటే ఆ మాట విడిగా రాయండి. ఒకే లేఖ నాలుగు పత్రికలకు పంపకండి, ఇంకోచోట కనబడితే తర్వాత మీ పేరు చూడగానే పక్కన పెడతారు.

వేయకపోతే మాత్రం గొడవకు దిగకండి. వివాదాస్పద విషయం మీద వచ్చిన ప్రతి లేఖా వేయాల్సిన పని సంపాదకుడికి లేదని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. కొన్ని ఎంచుకోవచ్చు, సారాంశం వేయవచ్చు. అయితే కుదించేటప్పుడు మీ అర్థం తిరగబడితే, అప్పుడు తప్పకుండా రాయండి. నేను ఉన్నప్పుడు అలాంటి ఫిర్యాదు వస్తే మర్నాడే సవరణ వేసేవాళ్లం.

ఒకవేళ కాలమిస్టు జవాబిస్తే, ఎక్కువ అవకాశం నవోదయ మీదే: 'అక్కడ ప్రభుత్వం ఖర్చు పెడుతోంది కదా, డబ్బు లేకుండా నాణ్యత ఎక్కడ?' అంటారు. సరైన ప్రశ్నే. డబ్బు అక్కర్లేదని మీరు అనలేదు, ఫలితాల్లో డబ్బు వాటా ఎంతో తేల్చలేదని మాత్రమే అన్నారు. ఆ లాటరీ ప్రయోగం సంగతి అప్పుడు బయటికి తీయండి, మూడో వంతు ఖర్చు అన్న ముక్కతో సహా.